కాలమ్‌ను కింద నుంచి కోయకండి: ఎడిట్ పేజీ డెస్కులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల ఎడిట్ పేజీ బాధ్యులకు, డెస్కుల్లో పనిచేస్తున్న సబ్ ఎడిటర్లకు నమస్కారం.

నేను 26 ఏళ్లు డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా ఎడిట్ పేజీలోనే గడిచింది. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. పొద్దున్నే పత్రికలు ముందేసుకుని పెన్సిలు పట్టుకుని చదివే అలవాటు మాత్రం పోలేదు. మీ కష్టం నాకు తెలుసు. రాత్రి పేజీ వదలాల్సిన వేళకు పది నిమిషాల ముందు కాలమ్ వస్తుంది. అందులో చోటుకు మించిన మాటలుంటాయి. ఒక్క మనిషి మూడు పేజీలు చూసుకోవాలి. అది తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాయడానికి కారణం ఒక కాలమ్. రాసింది మా మిత్రుడు, సాగునీటి కాలువల మీద ఇంజినీరుగా పనిచేసినవాడు. 2024 సెప్టెంబరులో కృష్ణా, బుడమేరు ఒకేసారి పొంగి బెజవాడ మునిగిన సంగతి మీద రాశాడు. వేసిన పత్రిక పేరు చెప్పను, ఆ పత్రిక ఒక్కటే చేసే పని కాదిది. ఆయన 760 మాటలు పంపాడు. పేజీలో చోటు 600 మాటలకే ఉంది. డెస్కు చివరి రెండు పేరాలు తీసేసి మిగతాదంతా దాదాపు ఉన్నదున్నట్టు వేసింది.

ఆ చివరి రెండు పేరాల్లో ఏముందో చెబుతాను. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ ఉంది కదా. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ రెండు వరదలూ ఒకేసారి వస్తే నీళ్లు ఎటు పోవాలి, దానికి ముందుగా ఏం చేసి ఉంచుకోవాలి అన్నదే ఆయన కాలమ్ మొత్తం సారం. అది పోయింది. మిగిలిన ఐదు పేరాలూ అందరికీ తెలిసిన వరద కథే. చదివినవాళ్లు ‘ఇంతకీ ఏమంటాడు ఈయన?’ అని అడిగారట.

వార్తను కింద నుంచి కోయడం మనకు మొదటి రోజు నేర్పిన విద్య. ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద పెట్టి రాస్తారు కాబట్టి కింద నుంచి ఎంత కోసినా వార్త బతుకుతుంది. కాలమ్ అలా రాయరు. అది మెట్టుమెట్టుగా ఎక్కి, చెప్పదలుచుకున్నది చివర చెబుతుంది. దాన్ని కింద నుంచి కోస్తే మెట్లు మిగిలి మేడ పోతుంది. కాలమ్‌లో తగ్గించాల్సింది ఎప్పుడూ వాక్యాల లోపల ఉంటుంది.

మిత్రుడు రాసింది తప్పుల్లేకుండా ఉందని నేననడం లేదు. 35 ఏళ్లు ఆఫీసు నోట్లు రాసిన చెయ్యి అది. ఆయన అనుమతితోనే మొదటి పేరా ఇక్కడ ఇస్తున్నాను. అచ్చయిన రూపమిది:

“గత 2024వ సంవత్సరం సెప్టెంబర్ నెల మొదటి వారంలో ఎగువ ప్రాంతాల నుంచి కృష్ణానదిలోకి వచ్చినటువంటి భారీ వరద నీటి ప్రవాహం కారణంగా విజయవాడ నగరంలో ఉన్నటువంటి ప్రకాశం బ్యారేజ్ వద్ద సెకనుకు సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరకు వరద నీరు నమోదు కావడం జరిగింది. ఈ నేపథ్యంలో బ్యారేజీకి ఉన్నటువంటి మొత్తం 70 గేట్లన్నింటినీ పూర్తిగా పైకి ఎత్తివేయడం జరిగింది. ఆ సమయంలో కొట్టుకొచ్చిన బోట్లు బరాజ్ యొక్క గేట్లను బలంగా ఢీకొట్టడం వలన కౌంటర్ వెయిట్లు దెబ్బతినడం జరిగింది.”

ఇందులో 59 మాటలున్నాయి. ‘జరిగింది’ మూడుసార్లు, ‘-నటువంటి’ మూడుసార్లు వచ్చాయి. బ్యారేజీ అన్న ఒక్క మాట మూడు రకాలుగా ఉంది. ఒక ఆదివారం మా వరండాలో ఇద్దరం కూర్చుని దీన్ని ఇలా చేశాం:

“2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణాకు భారీ వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. జలవనరుల శాఖ 70 గేట్లూ ఎత్తింది. కొట్టుకొచ్చిన బోట్లు ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి.”

ఇవి 27 మాటలు. అవసరమైన సమాచారం ఒక్క ముక్క కూడా పోలేదు. పైగా ఒకటి కొత్తగా చేరింది. దాని గురించే ముందు చెప్పాలి.

‘గేట్లు ఎత్తివేయడం జరిగింది’ అన్న వాక్యంలో ఎత్తింది ఎవరో లేదు. ‘చేయడం జరిగింది’తో అసలు చిక్కు అదే. రెండు మాటలు ఎక్కువ కావడం చిన్న విషయం. కర్త మాయం కావడం పెద్ద విషయం. దాన్ని ‘ఎత్తారు’ అని మార్చగానే పాఠకుడు ‘ఎవరు?’ అంటాడు. డెస్కులో ఉన్నవాళ్లం ఆ జవాబు ఊహించి రాయకూడదు. నేను ఆ మాట దగ్గర పెన్సిలు ఆపి, “గేట్లు ఎవరెత్తార్రా?” అని అడిగాను. “ఇంకెవరు, మా శాఖే” అన్నాడు. ఆ ఒక్క జవాబుతో వాక్యం నిలబడింది. అదే కాలమ్‌లో మరోచోట ‘ప్రజలను అప్రమత్తం చేయడం జరగలేదు’ అని ఉంది. అక్కడ కూడా అదే ప్రశ్న వేశాను. చాలాసేపు ఆలోచించి, “అది నాకు కచ్చితంగా తెలియదు” అన్నాడు. తెలియనప్పుడు ఆ వాక్యం ఉండకూడదు. తీసేశాం. అంటే ‘జరిగింది’ని వెతకడం భాష కోసం చేసే పనే కాదు, నిజం సరిచూసుకునే పని కూడా. కర్త దొరకని చోట కాలమిస్టుకు ఫోను చేయాలి. ఫోను చేసే వ్యవధి లేకపోతే ఆ వాక్యాన్ని అలాగే వదిలేయడం మంచిది. లేని కర్తను మనం తెచ్చి పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

‘-నటువంటి’ వేరే కథ. ‘నగరంలో ఉన్నటువంటి ప్రకాశం బ్యారేజీ’ అనడంలో ‘అటువంటి’కి పనేమీ లేదు. సభల్లో మైకు ముందు మాట తట్టేదాకా నోటిని ఆడించడానికి పనికొచ్చే అలవాటు అది. కాగితం మీద దానికి చోటు లేదు. ‘ఉన్న’ అని తగ్గిస్తే సగం బాగుపడుతుంది. కానీ ఇక్కడ ‘విజయవాడ నగరంలో ఉన్న’ కూడా అక్కర్లేదు. ఆ కాలమ్ చదివేవాళ్లలో ప్రకాశం బ్యారేజీ ఎక్కడుందో తెలియనివాడు ఉండడు. ఈ కొలత మాత్రం ఎడిషన్‌ను బట్టి మారుతుంది. అదే కాలమ్ రాష్ట్రం దాటి పోతుంటే ‘విజయవాడ’ ఉంచాలి.

ఇప్పుడు ‘సెకనుకు సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరకు’ అన్న ముక్క చూడండి. క్యూసెక్కు అంటేనే సెకనుకు ఒక ఘనపుటడుగు. ముందు మళ్లీ ‘సెకనుకు’ అంటే సెకను రెండుసార్లు వచ్చింది. ఇది మాట వృథా కావడమే కాదు, లెక్క తప్పు కూడా. ‘టీఎంసీల అడుగుల నీరు’ అని రాసేవారికీ ఇదే వర్తిస్తుంది. టీఎంసీలో అడుగు ఉండనే ఉంది. వందకోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. క్యూసెక్కు ప్రవాహానికి, టీఎంసీ నిల్వకు. దాదాపు 11,500 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే వరద కాలమ్‌లలో సగం పొరపాట్లు డెస్కు దగ్గరే ఆగిపోతాయి. ఇక ‘సుమారు’, ‘వరకు’ ఒకే పని చేసే రెండు మాటలు. రెండింటిలో ఒకటి చాలు అనబోయాను. కానీ 11.43 అని రెండు దశాంశాల దాకా చెప్పినవాడికి ‘సుమారు’ ఎందుకు? కచ్చితమైన అంకె వేస్తే రెండూ తీసేయాలి. అంకె తెలియకపోతే ‘పదకొండు లక్షలకు పైగా’ అంటే సరిపోతుంది.

చివరి వాక్యం మీద ఒక మాట. ‘బోట్లు ఢీకొని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి’ అన్నప్పుడు ఢీకొన్నవి బోట్లు, దెబ్బతిన్నవి వేరు. రెండు క్రియలకూ ఒకే కర్త ఉండాలన్న పాత వ్యాకరణ నియమం ప్రకారం ఇది తప్పంటారు. కానీ ‘వాన పడి పంట పోయింది’ అనని తెలుగువాడు లేడు. మొదటి పని రెండోదానికి కారణమైనప్పుడు ఈ కట్టుబాటు మన నోట సహజంగా వస్తుంది. దాన్ని ‘ఢీకొట్టడం వలన’ అని సాగదీయక్కర్లేదు. కారణ సంబంధం లేనిచోట మాత్రం, ‘మంత్రి వచ్చి రైతులు వెళ్లిపోయారు’ లాంటివి కనిపిస్తే విడగొట్టండి.

పునరుక్తి తీయడంలో చెయ్యి ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. ఎందుకంటే తీయకపోవడం వల్ల ఎంత నష్టమో, తీయకూడనిది తీయడం వల్లా అంతే నష్టం.

మిత్రుడి కాలమ్‌లో ‘బెంజ్ సర్కిల్ కూడలిలో’ అని ఉంది. సర్కిల్ అన్నాక కూడలి ఎందుకు? ‘తిరిగి పునరుద్ధరించారు’, ‘కనీసం 50 మందికి పైగా’, ‘పరస్పరం ఒకరికొకరు’ అన్నీ ఈ జాతివే. ఒకే అర్థం తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులోనో సంస్కృతంలోనో ఇంకోసారి వస్తుంది. రాసేవాడికి రెండూ వేర్వేరు మాటల్లాగే కనిపిస్తాయి. అందుకే ఆ తప్పు రాసినవాడికి దొరకదు, రెండో మనిషికే దొరుకుతుంది. ఇవి నిర్మొహమాటంగా తీసేయండి. అయితే ‘ముందస్తు హెచ్చరిక వ్యవస్థ’ దగ్గర ఆగండి. హెచ్చరిక ఎప్పుడూ ముందే కదా అని ‘ముందస్తు’ కొట్టేయబోతాం. కానీ అది ఒక ఏర్పాటు పేరు, మూడు మాటలూ కలిసే పేరు.

అదే కాలమ్‌లో ఇంకో వాక్యం ఉంది. ‘సింగ్‌నగర్‌లో పిల్లాజెల్లాతో డాబాల మీదికెక్కిన జనం’ అని. ఆయన కాలమ్ మొత్తంలో అంతకన్నా మంచి వాక్యం లేదు. అచ్చులో అది ‘పిల్లలతో డాబాల మీదికెక్కిన జనం’ అయింది. చివరి పేరాల కోత కాక డెస్కు పెన్సిలు పెట్టిన ఒకే ఒక్క చోటు అది. ‘జెల్లా’కు విడిగా అర్థం లేదు కాబట్టి అదనం అనుకున్నారేమో. విడిగా అర్థం లేకపోవడమే అది జంట నుంచి విడదీయకూడదనడానికి గుర్తు. పిల్లాజెల్లా అంటే చంకలో బిడ్డ మొదలు ఇంట్లో ముసలమ్మ దాకా ఇల్లు మొత్తం కళ్లకు కడుతుంది. చెట్టూచేమా, గొడ్డూగోదా, తిండీతిప్పా ఇవన్నీ అంతే. ‘రోజురోజుకూ’, ‘ఎక్కడికక్కడ’ కూడా ఒక మాట రెండుసార్లు రావడం కాదు, వాటి అర్థమే ఆ రెట్టింపులో ఉంది. నేను కొత్తవాళ్లకు చెప్పిన పరీక్ష చాలా తేలిక. ఒక మాట తీసి వాక్యం పైకి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే తీసేయండి. అర్థం ఉండి బొమ్మ పోయిందనిపిస్తే తిరిగి పెట్టేయండి.

ఇక అరువు మాటల స్పెల్లింగు. మీతో ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్నది దీని గురించే. బ్యారేజ్, బ్యారేజీ, బరాజ్ మూడూ ఒకే పేరాలో వచ్చాయని చెప్పాను. ఆ మూడింటిలో ఏది ‘ఒప్పు’ అని వాదించుకోవడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఒకటి ఎంచుకోవడానికి దారి ఉంది. మాటను ఒంటరిగా చూడకుండా దానికి విభక్తి, బహువచనం తగిలించి పైకి అనండి. ‘గేట్‌కు’ అని చూడండి, ‘గేటుకు’ అని చూడండి. నోరు తనంతట తాను ‘ఉ’ చేర్చుకుంటుంది. కాబట్టి గేటు. అలాగే బోటు, రోడ్డు, బస్సు, బ్యాంకు. ‘బ్యారేజీ మీద నుంచి వచ్చాం’ అని బెజవాడలో రిక్షా తొక్కినవాడు కూడా అన్నాడు, కాబట్టి బ్యారేజీ. కాలేజీ, పేజీ కూడా అంతే. ‘డ్రోన్’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటివి ఇంకా పొల్లుతోనే నోట్లో తిరుగుతున్నాయి, వాటిని అలాగే ఉంచండి. రేపు అవి అచ్చు చేర్చుకుంటే అప్పుడు మార్చుకోవచ్చు.

ఈ పరీక్షకు లొంగని మాటలుంటాయి. ‘డాక్టర్‌కు’, ‘డాక్టరుకు’ రెండూ వినిపిస్తాయి. పింఛను, పింఛన్, పెన్షన్ మూడూ నడుస్తున్నాయి. అలాంటిచోట తర్కం వెతకొద్దు. ఒకటి అనుకుని డెస్కు స్పెల్లింగు షీటులో రాసుకోవాలి, అంతే. కొన్నిచోట్ల మాత్రం అర్థమే తేల్చేస్తుంది. ‘కాలమ్’ను సున్నాతో ‘కాలం’ అని రాస్తే అది సమయం అయిపోతుంది. ‘ఈ వారం కాలంలో’ అన్నది ఏడు రోజుల సంగతో, శీర్షిక సంగతో పాఠకుడు వాక్యం చివరిదాకా వెళ్తే గాని తెలియదు.

చివరి అక్షరం ఎంచుకోవడం ఇంత ముఖ్యం ఎందుకంటే, దాని వెనక వచ్చే విభక్తులన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఇ, ఈ, ఐలతో ముగిసే మాటకు కి, ని వస్తాయి: బ్యారేజీకి, కాలేజీని. మిగతావాటికి కు, ను: గేటుకు, రోడ్డును. మన కృష్ణా, గుంటూరు జిల్లాల మాటలో ‘ఆఫీసుకి’, ‘రోడ్డుకి’ అని అన్నింటికీ ‘కి’ వినిపిస్తుంది నిజమే. ఎవరి మాటలనైనా ఉటంకించేటప్పుడు అలాగే ఉంచాలి. కాలమిస్టు సొంత వాక్యాల్లో మాత్రం పత్రిక పద్ధతి పాటించాలి. పొల్లుతో ముగిసే మాటలకు ఇంకో ఇబ్బంది ఉంది. ‘బ్యారేజ్’కు ‘లో’ కలిపితే మామూలుగా ‘బ్యారేజ్లో’ అని జ కింద లావత్తు పడుతుంది. విడిగా ‘బ్యారేజ్‌లో’ అని రావాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం టైపు చేయాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య U+200C. ఒకరు టైపు చేస్తారు, ఇంకొకరు చేయరు. కొందరు మాట చివర, విభక్తి లేకపోయినా, అలవాటుగా కొట్టేస్తారు. అప్పుడు తెర మీద అచ్చంగా ఒకేలా కనిపించే రెండు ‘బ్యారేజ్’లు కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. పాత సంచికల్లో వెతికినప్పుడు ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. నోరు ఒప్పుకున్న ప్రతిచోటా అచ్చుతో ముగిసే రూపమే తీసుకోండి అని నేను అడగడానికి ఇది కూడా కారణం.

అందరం చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. షీటు తయారైంది కదా అని కంప్యూటరులో ఒక్కసారిగా అన్నింటినీ మార్చేయడం. మేం యూనికోడ్‌కు మారిన కొత్తలో ‘బస్’ కాదు ‘బస్సు’ అని తీర్మానించుకున్నాం. ఆ రాత్రి పేజీలో రెండు కాలమ్‌లున్నాయి. ఒకటి ఆర్టీసీ మీద, ఇంకోటి గుంటూరు మిర్చి యార్డు మీద. నేను పేజీ మొత్తానికి ‘బస్’ తీసి ‘బస్సు’ పెట్టమని ఆజ్ఞ ఇచ్చాను. పొద్దున్నే యార్డు నుంచి ఒక కమిషన్ వ్యాపారి ఫోను చేశాడు. “ఏవండీ, మిర్చి బస్సుతాలంటే ఏంటండీ?” అని. ‘బస్తా’ అన్న మాట కంప్యూటరులో బ, స, పొల్లు, త, దీర్ఘం అని వరసగా దాచి ఉంటుంది. దానికి వత్తు తెలియదు. మొదటి మూడింటిలో ‘బస్’ కనబడింది, మార్చేసింది. ప్రూఫులో ఆర్టీసీ కాలమ్ చదివాను, మిర్చి కాలమ్ ముందే చదివేశానని మళ్లీ చూడలేదు. ఏడుచోట్ల అచ్చయింది.

‘బ్యారేజ్’ తీసి ‘బ్యారేజీ’ పెట్టమన్నా ఇంతే. ‘బ్యారేజ్‌కు’ అన్నది ‘బ్యారేజీకు’ అవుతుంది, ‘బ్యారేజీకి’ కాదు. పైగా ఆ కనబడని అక్షరం మధ్యలో మిగిలిపోతుంది. కాబట్టి వెతకడానికి మాత్రమే కంప్యూటరును వాడండి. అదీ ‘బ్యారేజ’ దాకా ఇచ్చి వెతికితే రెండు రూపాలూ దొరుకుతాయి. ‘బరాజ’, ‘బారేజ’ విడిగా వెతకాలి. మార్చడం ఒక్కొక్కటీ కళ్లతో చూసి చేయండి. 600 మాటల కాలమ్‌లో అలాంటివి పది పదిహేను కూడా ఉండవు.

పని వరస గురించి ఒక్క మాట. స్పెల్లింగు ఆఖరున చూడండి. మొదటే దిద్దితే తర్వాత కొట్టేయబోయే మాటలను కూడా దిద్దినట్టవుతుంది. ముందు క్రియలు, తర్వాత పునరుక్తులు, ఆ తర్వాత స్పెల్లింగు, చివర ఒకసారి పైకి చదవడం. పైకి చదివినప్పుడు వాక్యాలన్నీ నాలుగు మాటలకు తెగిపోయి టెలిగ్రాములా వినిపిస్తే మీరు అతి చేశారన్నమాట. రెండు వాక్యాలను ఒక ‘చేసి’తోనో ‘వచ్చి’తోనో కలిపేయండి. మా మిత్రుడి కాలమ్ అంతా ఇలా చూడటానికి మాకు 40 నిమిషాలు పట్టింది. 760 మాటలు 590 అయ్యాయి. పేరాలు ఏడుంటే ఏడూ మిగిలాయి. పిల్లాజెల్లా కూడా డాబా మీదే ఉంది.

మీ దగ్గర 40 నిమిషాలు ఉండవని తెలుసు. అందుకే రెండు కోరుతున్నాను. మొదటిది, చోటు ఎంతో కాలమిస్టుకు ముందే మాటల్లో చెప్పండి. ఎక్కువ పంపితే, “150 మాటలు తగ్గించండి, చివరి పేరా ముట్టుకోకండి” అని తిప్పి పంపండి. తగ్గించడం ఆయన చేతుల్లో జరిగితే కర్త ఎవరని మీరు ఫోను చేయక్కర్లేదు. వేళ మించిపోయి మీరే తగ్గించాల్సి వస్తే ప్రతి ‘జరిగింది’నీ, ప్రతి ‘ఉన్నటువంటి’నీ వెతకండి. ఆఫీసు భాషలో వచ్చిన కాలమ్ అయితే అక్కడే నూరు మాటలు దొరుకుతాయి. రెండోది, మీ పత్రిక స్పెల్లింగు షీటును కాలమిస్టులకు ఇవ్వండి. చాలా పత్రికల్లో అలాంటి షీటు ఉంటుంది, డెస్కు సొరుగులోనే ఉంటుంది. రాసేవాడికి అందకపోతే ఆయన తనకు తోచినట్టు రాస్తాడు, మీరు అర్ధరాత్రి దిద్దుకుంటూ కూర్చుంటారు. ఒక్క పేజీ చాలు. ఏడాది పొడవునా ఎడిట్ పేజీలో తిరిగే అరువు మాటలు నేను లెక్కపెట్టుకుంటే 140 తేలాయి. ప్రతి మాటకూ పక్కన ‘కు’ రూపం, బహువచనం రాయండి. గేటు, గేటుకు, గేట్లు. బ్యారేజీ, బ్యారేజీకి, బ్యారేజీలు. తప్పులన్నీ ఆ రెండో మూడో రూపాల్లోనే వస్తాయి. ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు మాత్రం వాళ్ల బోర్డు మీద ఎలా ఉంటే అలాగే ఉంచండి, షీటు వాటికి వర్తించదు.

నా 140 మాటల షీటు సిద్ధంగా ఉంది. ఏ పత్రిక అడిగినా ఇస్తాను, మీకు నచ్చని రూపాలు మార్చుకోండి. మిత్రుడి కాలమ్‌లో పోయిన ఆ రెండు పేరాలు ఇప్పుడు 130 మాటల్లో ఉన్నాయి. బుడమేరు మళ్లింపు కాలువ గురించి ఆయన చెప్పదలుచుకున్నదంతా వాటిలో ఉంది. వచ్చే వానాకాలం లోపు ఎవరు వేసుకున్నా ఆయనకు సంతోషమే.

ఇట్లు,
ఒక మాజీ సబ్ ఎడిటర్,
సత్యనారాయణపురం, విజయవాడ